సూర్యుడి వైపు తిరగాలంటే ఏ అక్షం మీద, ఎన్ని డిగ్రీలు?

జూన్ 21న హైదరాబాద్‌లో మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడితే మన నీడ దక్షిణం వైపు పడుతుంది. అదీ అయిదున్నర అడుగుల మనిషికి ఏడంగుళాలే. హైదరాబాద్ భూమధ్యరేఖకు 17.4 డిగ్రీల ఉత్తరాన ఉంది. ఆ రోజు సూర్యుడు 23.4 డిగ్రీల దాకా ఉత్తరానికి వచ్చేస్తాడు. ఆ రెంటికీ తేడా 6 డిగ్రీలు కాబట్టి సూర్యుడు సరిగ్గా నడినెత్తిన కాకుండా 6 డిగ్రీలు ఉత్తరంగా ఉంటాడు. గడియారం చూస్తే అప్పుడు పన్నెండు దాటి 18 నిమిషాలు అయి ఉంటుంది. మన దేశ సమయం 82.5 డిగ్రీల రేఖాంశానిది, హైదరాబాద్ దానికి పడమర ఉండటమే అందుకు ముఖ్య కారణం.

అక్కడి నుంచి నాలుగు గంటలు గడిచాక, అంటే సాయంత్రం 4 గంటల 18 నిమిషాలకు, సూర్యుడు ఎక్కడుంటాడు? డాబా మీద వెల్లకిలా పరిచిన సోలార్ ప్యానెల్‌ను సూటిగా అటు తిప్పాలంటే ఎటు వంచాలి, ఎంత వంచాలి? మొదటిది, తెలిసిన అక్షం చుట్టూ ఒక దిశను తిప్పే లెక్క. రెండోది దానికి తిరగవేత: రెండు దిశలూ తెలుసు, అక్షాన్నీ కోణాన్నీ పట్టుకోవాలి. వీడియో గేముల్లో, రోబో చేతుల్లో, ఉపగ్రహాల్లో రోజూ జరిగేవి ఈ రెండు లెక్కలే.

దిశను అంకెల్లో చెప్పడానికి మూడు సంఖ్యలు చాలు: తూర్పుకు ఎంత, ఉత్తరానికి ఎంత, పైకి ఎంత. పొడవు 1 ఉన్న బాణాన్ని ఊహించుకుంటే, మధ్యాహ్నపు సూర్యుడి దిశ v = (0, 0.105, 0.995). తూర్పు పడమరల వైపు వాలు లేదు, ఉత్తరానికి కొద్దిగా, మిగతాదంతా పైకి. ఇక అక్షం. ఆకాశమంతా తిరుగుతున్నట్టు కనిపించేది ధ్రువ నక్షత్రం వైపు పోయే గీత చుట్టూ. హైదరాబాద్‌లో అది నేరుగా ఉత్తరాన, నేల నుంచి 17.4 డిగ్రీల ఎత్తున ఉంటుంది. కాబట్టి k = (0, 0.954, 0.299). గంటకు 15 డిగ్రీల చొప్పున నాలుగు గంటలకు తిరిగేది 60 డిగ్రీలు.

అక్షం నిట్టనిలువుగా ఉంటే ఇది ఇంటర్మీడియట్ లెక్క. ఇక్కడ అది ఏటవాలుగా ఉంది. ఎటు వాలినా పనిచేసే సూత్రం ఇది:

v′ = v cosθ + (k × v) sinθ + k (k · v)(1 − cosθ)

దీన్ని ఫ్రాన్స్‌కు చెందిన ఒలాండ్ రోడ్రిగ్స్ పేరుతో పిలుస్తారు. ఆయన బ్యాంకింగ్ వృత్తిలో ఉన్న గణితవేత్త. 1840లో అచ్చయిన ఆయన వ్యాసంలో ఇప్పటి ఈ రూపం ఉండదు. వెక్టర్ గుర్తులు వాడుకలోకి వచ్చింది ఆ శతాబ్దం చివరి దశకాల్లో. ఆయనకు ముందే 1775లో ఆయిలర్ ఒక ముఖ్యమైన సంగతి నిరూపించి పెట్టాడు: ఒక బిందువు కదలకుండా గట్టి వస్తువును ఎన్ని రకాలుగా తిప్పినా, చివరికి తేలే మార్పును ఒకే అక్షం చుట్టూ ఒకే కోణంతో సాధించవచ్చు. ఆ అక్షమూ కోణమూ చేతికొస్తే ఏం చేయాలో చెప్పేది పై సూత్రం.

సూత్రం లోపలి సంగతి ఒక గొడుగుతో తేలిపోతుంది. విప్పిన గొడుగు కర్రను వేళ్ల మధ్య తిప్పండి. ఊచ చివర ఒక వలయంలో తిరుగుతుంది, కానీ కర్ర పొడుగునా చూస్తే అది ఉన్న చోటు మారదు. ఏ బాణాన్నయినా ఇలాగే రెండుగా విడదీయవచ్చు. కర్ర వెంట ఉన్న ముక్క తిరగదు. కర్రకు అడ్డంగా ఉన్న ముక్క మాత్రం వలయంలో తిరుగుతుంది. కర్ర వెంట ఎంత ఉందో చెప్పేది డాట్ ప్రాడక్ట్, k · v. అడ్డంగా ఉన్న ముక్కను సరిగ్గా 90 డిగ్రీలు తిప్పితే వచ్చేది క్రాస్ ప్రాడక్ట్, k × v. వలయంలో θ తిరగడమంటే పాత అడ్డం ముక్కలో cosθ వంతు, దాని 90 డిగ్రీల జోడులో sinθ వంతు కలపడమే. చివరి పదం సర్దుబాటు కోసం వచ్చింది. మొదటి పదం బాణం మొత్తాన్నీ cosθతో గుణించి, తిరగకూడని ముక్కను కూడా తగ్గించేసింది. తగ్గినంతా (1 − cosθ) తిరిగి ఇచ్చేస్తుంది.

ఇప్పుడు అంకెలు వేద్దాం. కుడిచేతి బొటనవేలును అక్షం వెంట చాపితే మిగతా వేళ్లు ముడుచుకునే వైపు తిరగడం ధన కోణం. భూమి ధ్రువాక్షం చుట్టూ అలా తిరుగుతుంది కాబట్టి, మనకు కనిపించే సూర్యుడు దానికి ఎదురు తిరుగుతాడు: θ = −60°. డాట్ ప్రాడక్ట్ 0.397, క్రాస్ ప్రాడక్ట్ (0.918, 0, 0). మొదటి పదం (0, 0.052, 0.498), రెండోది (−0.795, 0, 0), మూడోది (0, 0.190, 0.059). మొత్తం (−0.795, 0.242, 0.557). మొదటి సంఖ్య రుణం, అంటే సూర్యుడు పడమటికి వాలాడు. పైకి 0.557 అంటే నేల నుంచి సుమారు 34 డిగ్రీల ఎత్తు. పడమర నుంచి ఉత్తరానికి 17 డిగ్రీలు జరిగి ఉన్నాడు. జూన్ సాయంత్రాల్లో ఉత్తరం వైపు కిటికీలోంచి ఏటవాలు ఎండ లోపలికి వచ్చేది ఇందువల్లనే.

ఈ లెక్కలో తప్పులు రెండు చోట్ల దొర్లుతుంటాయి. కోణం గుర్తు మరిచి +60 వేస్తే సూర్యుడు తూర్పున తేలతాడు; సాయంత్రం పూట అది కంటికే తెలిసిపోతుంది. మూడో పదాన్ని వదిలేస్తే తప్పు అంత తేలిగ్గా దొరకదు, ఎందుకంటే జవాబు చూడటానికి సబబుగానే ఉంటుంది: (−0.795, 0.052, 0.498). కానీ దీని పొడవు కడితే 0.94 వస్తుంది. తిప్పినంత మాత్రాన బాణం పొట్టిదవదు. అక్షం బాణం పొడవును 1కి సర్దకుండా వాడినా ఇలాగే పొడవు చెడుతుంది. అందుకే జవాబు రాగానే పొడవు 1 ఉందా, k · v′ ఇంకా 0.397గానే ఉందా అని రెండూ చూసుకోవాలి. నా లెక్కలో ఈ రెండూ చూడకుండా జవాబును నమ్మడం దుస్సాహసం.

ఇక ప్యానెల్ సంగతి. వెల్లకిలా ఉన్న ప్యానెల్ చూసే దిశ a = (0, 0, 1). చూడాల్సిన దిశ b = (−0.795, 0.242, 0.557). ఈ రెండు బాణాలకూ లంబంగా ఉండేది a × b. లెక్క కడితే (−0.242, −0.795, 0). దీని పొడవు 0.831. ఆ పొడవుతో భాగిస్తే అక్షం (−0.291, −0.957, 0). ఇది నేల మీద పడుకున్న గీత. దక్షిణం నుంచి 17 డిగ్రీలు పడమటికి వాలి ఉంది. కోణం సైన్ విలువ 0.831, కాస్ విలువ a · b, అంటే 0.557. రెండూ కలిపి చూస్తే 56 డిగ్రీలు.

పెద్ద సోలార్ క్షేత్రాల్లో ప్యానెళ్లు ఎక్కువగా ఉత్తర దక్షిణాలుగా పడుకున్న ఒకే ఇరుసు మీద తిరుగుతాయి. మన లెక్క అడిగిన 17 డిగ్రీల వాలు ఆ ఇరుసుకు లేదు. అందుకని ఎంత బాగా తిప్పినా ఆ సాయంత్రం ప్యానెల్ సూర్యుడిని 14 డిగ్రీల తేడాతో తప్పుతుంది. నష్టం పెద్దదేమో అనిపిస్తుంది కానీ, 14 డిగ్రీల కాస్ విలువ 0.97. నేరుగా పడే వెలుగులో పోయేది 3 శాతమే. దాని కోసం ప్రతి ప్యానెల్‌కూ రెండో మోటారు పెట్టరు.

కోణం పట్టే పద్ధతిలో ఒక మెలిక ఉంది. పాఠ్యపుస్తకం చెప్పేది డాట్ ప్రాడక్ట్ తీసుకుని acos వాడమని. కాగితం మీద సరే. కంప్యూటర్‌లో, ముఖ్యంగా ఏడెనిమిది అంకెల దాకానే గుర్తుపెట్టుకునే చిన్న సంఖ్యలతో, అది ముంచుతుంది. రెండు దిశల మధ్య 0.01 డిగ్రీ తేడా ఉంటే కాస్ విలువ 1 కన్నా 0.000000015 మాత్రమే తక్కువ. యంత్రం దాన్ని 1 అనేసి, కోణం సున్నా అని చెబుతుంది. అదే క్రాస్ ప్రాడక్ట్ పొడవు 0.0001745 అని స్పష్టంగా కనిపిస్తూనే ఉంటుంది. ఇంకోసారి గుండ్రపరచడంలో డాట్ ప్రాడక్ట్ 1ని రవ్వంత దాటుతుంది, అప్పుడు acos చేతులెత్తేస్తుంది. అందుకే అనుభవమున్నవాళ్లు సైన్, కాస్ రెండూ ఇచ్చి atan2(|a × b|, a · b) వాడతారు.

దిశలు పూర్తిగా ఎదురెదురుగా ఉన్నప్పుడు ఇదీ చాలదు. తిరగాల్సింది 180 డిగ్రీలని తెలుస్తుంది, కానీ క్రాస్ ప్రాడక్ట్ సున్నా అయిపోతుంది, దాని పొడవుతో భాగించలేం. గేములో ఉన్నట్టుండి ఒక బొమ్మ మాయమైతే ఇలాంటి భాగహారాన్ని అనుమానించాలి. నివారణ తేలికే: aకి లంబంగా ఉన్న ఏదో ఒక దిశను అక్షంగా ఎంచుకోవాలి. ఏది ఎంచుకున్నా తప్పు కాదు.

నిజానికి ఎంచుకునే స్వేచ్ఛ అప్పుడే కాదు, ఎప్పుడూ ఉంటుంది. సూర్యుడి వైపు తిరిగిన ప్యానెల్‌ను ఆ దిశనే అక్షంగా చేసుకుని గిర్రున ఎంత తిప్పినా అది సూర్యుడినే చూస్తుంది. కాబట్టి aని bకి చేర్చే భ్రమణాలు అనంతం. a, b మధ్య సరిగ్గా నడుమ పోయే గీత చుట్టూ 180 డిగ్రీలు తిప్పినా పని జరుగుతుంది. a × b ఇచ్చేది వాటిలో అతి తక్కువ కోణం ఉన్నదాన్ని మాత్రమే.

ప్యానెల్‌కు ఈ మెలికతో పనిలేదు, ఎండ ఎలా పడినా ఒకటే. ఉపగ్రహానికి అలా కాదు. సూర్యుడు ఎటున్నాడో ఒక్కటే తెలిస్తే, ఆ దిశ చుట్టూ తాను ఎంత మెలితిరిగి ఉందో దానికి తెలియదు. కెమెరా భూమిని చూస్తోందో లేదో చెప్పలేదు. అందుకు రెండో దిశ కావాలి, ఉదాహరణకు భూమి అయస్కాంత క్షేత్రం. ముందు సూర్యుడి దిశ కలిసేలా తిప్పి, మిగిలిన మెలికను రెండో దిశతో తేల్చుకోవచ్చు. అయితే కొలతల్లో దోషాలుంటాయి, రెండు దిశలూ ఏకకాలంలో అచ్చంగా కలవవు. అన్ని కొలతలకూ కలిపి అతి తక్కువ దోషం మిగిల్చే భ్రమణం ఏది అన్న ప్రశ్నను 1965లో గ్రేస్ వాబా గణితవేత్తల ముందు పెట్టారు. ఉపగ్రహాల దిశను తేల్చే లెక్కల్లో అది ఇప్పటికీ ఆమె పేరుతోనే ఉంది.