బాదం మిల్క్ అంటే ఆల్మండ్ మిల్క్ కాదు: కేఫ్ మెనూలో మన పానీయాల పేర్లపై అపోహలు – వాస్తవాలు

హైదరాబాదు, విజయవాడ, విశాఖ, తిరుపతి వంటి నగరాలలో విదేశీ అతిథులు వచ్చే కేఫ్‌లు తమ పానీయాల పట్టికను ఇంగ్లీషులో అచ్చు వేయించేటప్పుడు, తెలుగు పేరు ఉన్నచోట మాత్రమే అనువాదం అవసరమని భావించడం సాధారణం. తికమకపెట్టే పేర్లు మాత్రం ఎక్కువగా వేరేచోట ఉంటాయి. పానకం అనే పేరు చూసిన జర్మన్ అతిథికి అది తనకు తెలియదన్న సంగతి తెలుసు కనుక అడిగి తెలుసుకుంటాడు. బటర్ మిల్క్ అని చదివినవాడు తనకు తెలుసనుకుని అడగకుండానే ఆర్డర్ ఇస్తాడు.

అపోహ: ఇంగ్లీషులోనే ఉన్న పేర్లకు వివరణ అక్కరలేదు.

వాస్తవానికి ముందుగా వివరించవలసినవి ఈ పేర్లే. వీటిలో అతిథి ఆరోగ్యానికి నేరుగా సంబంధించినది బాదం మిల్క్. తెలుగునాట బాదం పాలు అంటే ఆవు పాలనో గేదె పాలనో మరిగించి, అందులో బాదం ముద్ద, చక్కెర, యాలకులు, కొన్నిచోట్ల కుంకుమపువ్వు కలిపి తయారు చేసేది. ఐరోపా, అమెరికా దుకాణాలలో ఆల్మండ్ మిల్క్ అనే పేరుతో అమ్మేది బాదం పప్పును నీటితో రుబ్బి వడకట్టిన ద్రవం. అందులో పాలు చుక్క కూడా ఉండవు, పాలు పడనివారూ జంతు సంబంధమైన ఆహారాన్ని పూర్తిగా మానినవారూ పాలకు బదులుగా దానిని వాడతారు. బాదం అనే మాటను ఆల్మండ్ అని మార్చి ఊరుకున్న అనువాదకుడు, నిఘంటువు ప్రకారం తప్పు చేయకపోయినా, పాలు మానినవాడి చేతిలో పాల గ్లాసు పెట్టించినవాడవుతాడు. కనుక పేరు బాదం పాలుగానే ఉంచి, దాని కింద ఇది పాలతో చేసినదనీ, బాదం కలిసినదనీ, చక్కెర ముందే వేసినదనీ రాయడం క్షేమం.

రాగి మాల్ట్ విషయంలో పొరపాటు ఎదురుదిశలో జరుగుతుంది. మాల్ట్ అంటే మొలకెత్తించి ఎండబెట్టిన ధాన్యం. పాశ్చాత్య దేశాలలో ఆ మాట వినగానే స్ఫురించే ధాన్యం బార్లీ. గోధుమ, బార్లీ, రై ధాన్యాలలో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ పడని అతిథి మాల్ట్ అనే మాట కనిపించగానే ఆ వరుసను వదిలేస్తాడు. రాగులలో సహజంగా గ్లూటెన్ లేదు గనుక అతడు నిశ్చింతగా తాగదగిన కొద్దిపాటి వాటిలో ఒకదానిని అలా పోగొట్టుకుంటాడు. పైగా చాలాచోట్ల రాగి మాల్ట్ పేరుతో ఇచ్చేది మొలకలతో సంబంధం లేని మామూలు రాగి జావే. అయితే గోధుమలు పట్టిన మరలోనే రాగులూ పట్టించి ఉంటే పిండి కలిసే అవకాశం ఉంది గనుక, గ్లూటెన్ లేదని ధీమాగా ప్రకటించడం కన్నా రాగి పిండితో చేసినదనీ, బార్లీ కలపలేదనీ తెలిసినంతవరకే రాయడం సరైన పద్ధతి.

ఫిల్టర్ కాఫీలో ప్రమాదం లేదు, నిరాశ ఉంది. బ్రిటన్‌లోనూ జర్మనీలోనూ ఆ పేరుకు అర్థం కాగితపు వడపోతలోంచి దిగిన పలుచని నల్ల కాఫీ. దానిని పెద్ద కప్పులో పోసుకుని, కావాలనుకుంటే పాలు విడిగా కలుపుకుంటారు. దక్షిణ భారతంలో రెండు గిన్నెల స్టీలు లేదా ఇత్తడి ఫిల్టర్‌లో పొడి వేసి, పైనుంచి వేడినీళ్లు పోసి, కింది గిన్నెలోకి నిదానంగా దిగిన చిక్కటి డికాక్షన్‌ను కాగిన పాలతోనూ చక్కెరతోనూ కలిపి చిన్న గ్లాసులో ఇస్తారు. పాలు లేని పెద్ద కప్పు కోసం ఎదురుచూసినవాడికి పాలున్న చిన్న గ్లాసు వస్తే తప్పు వంటింటిదే అనిపిస్తుంది. డికాక్షన్ అనే మాటను కూడా ఇంగ్లీషు పాఠంలో యథాతథంగా ఉంచకూడదు. ఇంగ్లీషులో అది వేర్లనూ బెరడునూ మరిగించి తీసిన కషాయాన్ని గుర్తుచేస్తుంది, ఇక్కడ మరిగించడమే లేదు.

కొందరు దీనికి సౌత్ ఇండియన్ లాటే అని పేరు పెడతారు. లాటేకు ఆధారమైన ఎస్ప్రెసో ఒత్తిడితో తీసేది, ఫిల్టర్ డికాక్షన్ తనంతట తాను దిగేది. అయినా పాలు ఎక్కువగా ఉన్న కాఫీ అన్న ఊహను ఆ పోలిక త్వరగా అందిస్తుంది గనుక దానిని వివరణలో వాడుకోవచ్చు గానీ పేరుగా నిలపడం తగదు. చికోరీ సంగతి మాత్రం తప్పక చెప్పాలి. వేయించి పొడి చేసిన ఈ వేరులో కెఫీన్ ఉండదు, రుచిలో కొంత చేదు, మట్టివాసన ఉంటాయి. కాఫీ–చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదని భారతదేశపు ఆహార ప్రమాణాలు నిర్దేశిస్తున్నాయి. పొట్లం మీద ముద్రించిన నిష్పత్తినే మెనూలోనూ ఇస్తే, కాఫీని పరీక్షగా తాగే అతిథికి అంతకు మించిన వివరణ అక్కరలేదు.

అపోహ: చాయ్ అంటే ప్రపంచమంతటికీ తెలుసు.

మాట తెలుసు, దాని అర్థం మాత్రం దేశానికొకటి. రష్యన్, టర్కిష్ భాషలలో ఇదే మాటకు అర్థం సాధారణంగా పాలు లేని తేనీరు. అమెరికాలో, ఐరోపాలోని చాలా కాఫీ దుకాణాలలో చాయ్ అంటే దాల్చినచెక్క, యాలకులు, లవంగాలు, అల్లం గుప్పుమనే తీయని పాల పానీయం. హైదరాబాదు ఇరానీ చాయ్ ఈ రెండింటికీ చెందదు. తేయాకు డికాక్షన్ మూత బిగించిన పాత్రలో సన్నని సెగ మీద చాలాసేపు ఉడుకుతుంది, పాలు వేరే గిన్నెలో చిక్కబడేదాకా మరుగుతాయి, రెండూ కప్పులో కలుస్తాయి. సాధారణంగా మసాలా దినుసులు వేయరు. మసాలా ఘాటు ఆశించిన అమెరికన్ అతిథికి ఇందులో అది దొరకదు. ఇక ఇరాన్ నుంచే వచ్చిన అతిథికి ఇరానీ అనే మాట చూసి కలిగే ఊహ మరీ దూరం, ఎందుకంటే ఆ దేశంలో టీ పాలు లేకుండా, చక్కెర పలుకు నోట పెట్టుకుని తాగుతారు. ఇక్కడి పేరు వలస వచ్చి కేఫ్‌లు నడిపిన ఇరానీయులది, తయారీ విధానం మాత్రం ఈ నేలది.

కనుక పేరు కింద రాయవలసినవి మూడు విషయాలు: పాలతో చిక్కగా చేసినది, మసాలా లేనిది, చక్కెర ముందే కలిసినది. చక్కెర లేకుండా ఇవ్వగలరో లేదో కూడా రాయాలి, ఎందుకంటే డికాక్షన్‌లోనే చక్కెర వేసే కేఫ్‌లో అలా ఇవ్వడం సాధ్యపడదు. మసాలా టీ, అల్లం టీ వేరే వరుసలలో ఉండాలి. వన్ బై టూ అనే మాటకైతే ఒక్క వాక్యం చాలు: ఒక టీని రెండు కప్పులలో పంచి ఇస్తారని.

అపోహ: నిఘంటువులో ఉన్న సమానార్థకం వేస్తే పని పూర్తవుతుంది.

సుగంధిపాల వేరు పాకంతో చేసే నన్నారి షర్బత్ ఈ అపోహను బాగా బయటపెడుతుంది. రాయలసీమలో వేసవి వస్తే వీధి వీధినా దొరికే ఈ పానీయానికి ఇంగ్లీషులో ఇండియన్ సార్సపరిల్లా అని రాయడం పరిపాటి. సుగంధిపాల శాస్త్రీయ నామం హెమిడెస్మస్ ఇండికస్. అసలు సార్సపరిల్లా స్మైలాక్స్ అనే వేరే జాతి మొక్క, దాని పేరే దీనికీ అంటుకుంది. అమెరికాలోనూ ఆస్ట్రేలియాలోనూ ఆ పేరు వినగానే నురగలు కక్కే ముదురు రంగు సోడా గుర్తొస్తుంది. పోనీ రెండో మాట షర్బత్‌నైనా నమ్ముకుందామంటే, అదే మూలం నుంచి వచ్చిన షెర్బెట్ అమెరికాలో గడ్డకట్టించిన తీపి పదార్థం, బ్రిటన్‌లో నాలుక మీద చురచురలాడే మిఠాయి పొడి. పేరులోని రెండు మాటలూ రెండు వైపులకు లాగేటప్పుడు, సువాసనగల వేరుతో కాచిన చక్కెర పాకంలో చల్లని నీళ్లు, నిమ్మరసం కలిపినదని చేసే పద్ధతినే చెప్పడం ఉత్తమం. సోడా కలిపేదైతే ఆ సంగతి వేరుగా చేర్చాలి. ఇక్కడ నిమ్మకాయ అని మనం అనేది ఇంగ్లీషు వాడుకలో లెమన్ కన్నా లైమ్‌కు దగ్గర.

మజ్జిగకు బటర్ మిల్క్ అనే అర్థం పుట్టినప్పుడు సరైనదే. వెన్న తీయగా మిగిలిన ద్రవానికే ఇంగ్లీషులోనూ ఆ పేరుండేది. ఇప్పుడు పాశ్చాత్య దుకాణాలలో ఆ పేరుతో దొరికేది ఎక్కువగా పాలను తోడుపెట్టి పులియబెట్టిన చిక్కని ద్రవం, దానిని వంటల్లో, కేకుల పిండిలో కలపడానికి కొంటారు. నిఘంటువు మారలేదు, వస్తువు మారింది. పలుచగా చిలికిన పెరుగు, ఉప్పు, అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు అని రాస్తే సందేహం తీరుతుంది. ఉప్పు అన్న మాట ముందుండాలి, ఎందుకంటే పెరుగు పానీయమనగానే విదేశీ అతిథి మనసులో మెదిలేది తీపి లస్సీ.

అపోహ: వివరణ ఎంత పెద్దదైతే అంత మేలు.

పానకాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. శ్రీరామనవమి పందిళ్లు, మంగళగిరిలో నరసింహస్వామికి పానకం నివేదించే ఆచారం, వేసవిలో చలవ చేసే గుణం, ఇవన్నీ ఒకే పేరాలో గుమ్మరించిన మెనూలు లేకపోలేదు. నిలబడి ఆర్డర్ ఇచ్చే అతిథి అంత చదవడు. చదివినా ఏమి తాగబోతున్నాడో తెలుసుకోడు. బెల్లం రసం అని కుదించినవారు మరో చిక్కు తెస్తారు, రసం అంటే పండు పిండినదనే ఊహ కలుగుతుంది గనుక. బెల్లం అనే పదార్థమే తెలియనివారికి అది శుద్ధి చేయని చెరకు చక్కెర అని చెప్పాలి. కుదిరిన వరుస తెలుగులో ఇలా ఉంటుంది: “పానకం. శుద్ధి చేయని చెరకు చక్కెర కలిపిన చల్లని నీళ్లు. శొంఠి, యాలకులు, మిరియాలు. తీపి మీద మిరియపు ఘాటు. పాలు లేవు, కాచినది కాదు, శుద్ధి చేసిన నీటితో చేసినది.” చివరి మాట అనవసరమనిపించవచ్చు గానీ, కొత్త దేశంలో కాచని నీటికి జంకే ప్రయాణికుడు ముందుగా వెతికేది దానినే. ఆచార విశేషాలు అడిగినవారికి చెప్పడానికి సర్వర్ దగ్గర ఉంటే చాలు.

అనువాదం సరిపోయిందో లేదో తేల్చుకోవాలంటే ఆ పానీయం ఎన్నడూ తాగనివారికి వరుసను చదివించి, వేడిగా ఉంటుందా, తీయగా ఉంటుందా, పాలున్నాయా, ఎంత ఇస్తారు అని అడగాలి. జవాబు రాని ప్రశ్న వరుసలో లోపించిన మాటను చూపుతుంది. ఇలా అడిగినా బయటపడనివి వంటింటిలో ఉంటాయి. మజ్జిగలో చిటికెడు ఇంగువ వేసే అలవాటున్న చోట, బజారులో దొరికే మిశ్రమ ఇంగువలో చాలావాటికి గోధుమ పిండి కలిసి ఉంటుంది గనుక, ఆ డబ్బా మీది పదార్థాల పట్టికను కూడా చూసిన తరువాతే మజ్జిగ వరుసను అచ్చుకు పంపాలి.