బావిలో గణితం: ఒక తరగతి, ఒక వానాకాలం

పర్యావరణ ప్రాజెక్టు అనగానే చాలా బడుల్లో ఒక చార్టు, నాలుగు రంగు స్కెచ్‌లు, ఇంటర్నెట్ సెంటరులో తీయించిన బొమ్మలు కనిపిస్తాయి. వారంలో పని అయిపోతుంది, మార్కులు పడతాయి. అదే మార్కులకు ఏడో తరగతో ఎనిమిదో తరగతో జూన్ నుంచి సెప్టెంబరు చివరిదాకా చేయగల పని ఒకటుంది. ఊళ్లో పడిన ప్రతి వాననూ కొలవడం, పక్షం రోజులకోసారి ఒక బావిలో నీటిమట్టం చూడడం. ఖర్చు పెద్దగా ఉండదు.

ఇది పిల్లల వల్ల అయ్యే పనేనా అనేవాళ్లకు తెలుగు నేల మీదే జవాబుంది. 2003 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరవు జిల్లాల్లో రైతులే భూగర్భజలాల లెక్కలు చూసుకునే పథకం ఒకటి నడిచింది. మొదట నెదర్లాండ్స్, తర్వాత ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ దానికి తోడ్పడ్డాయి. పెద్దగా చదువుకోని రైతులు, మహిళలు రోజూ వాన కొలిచారు, పక్షానికోసారి బావుల్లో నీటిమట్టం చూశారు, ఆ అంకెలను అందరికీ కనిపించేలా గోడల మీద రాశారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని ఉన్న నీళ్లెన్ని, వేయబోయే పంటలకు కావాల్సినవెన్ని అని లెక్క తేల్చుకునేవారు. ఏ పంట వేయాలో ఎవరూ ఎవరికీ ఆజ్ఞాపించలేదు. లెక్క చూసి ఎవరికి వారే నిర్ణయించుకున్నారు.

బడిలో ఈ పని వానమాపకంతో మొదలవుతుంది. నోటి వ్యాసం 10 సెంటీమీటర్లున్న ప్లాస్టిక్ గరాటు, దాని కింద ఒక సీసా ఉంటే చాలు. సీసా ఎంత లావున్నా ఇబ్బంది లేదు, లెక్కకు వచ్చేది గరాటు నోరే. దాని వైశాల్యం సుమారు 78.5 చదరపు సెంటీమీటర్లు కాబట్టి ఒక మిల్లీమీటరు వానకు సీసాలో 7.85 మిల్లీలీటర్ల నీరు చేరుతుంది. సైన్సు ల్యాబులోని కొలజాడీలో 157 మిల్లీలీటర్లు వచ్చాయంటే 20 మిల్లీమీటర్ల వాన పడినట్టు. ఎనిమిదో తరగతి పిల్లలకు వృత్త వైశాల్యం ఎందుకు నేర్చుకున్నారో ఆ రోజు అర్థమవుతుంది.

మాపకాన్ని చెట్టు కిందో చూరు పక్కనో పెడితే అంకెలన్నీ తప్పుతాయి. పక్కనున్న గోడ ఎత్తు మూడు మీటర్లయితే కనీసం ఆరు మీటర్ల దూరంలో ఉంచాలి. వాతావరణ శాఖ లాగే రోజూ ఉదయం 8.30కి చూస్తే, మండల కేంద్రంలో నమోదైన వర్షపాతంతో పోల్చుకోవచ్చు. ఆదివారం బడి ఉండదు కనుక సీసాలో నాలుగు చుక్కల నూనె వేసి ఉంచితే నీరు ఆవిరి కాదు. సోమవారం వచ్చిన అంకెను రెండు రోజుల మొత్తంగా రాసుకోవాలి.

అసలు చిక్కు రిజిస్టరులో వస్తుంది. వాన పడని రోజు సున్నా రాయాలి, చూడని రోజు గీత పెట్టాలి. ఈ రెండిటికీ తేడా పిల్లలకు మొదటి వారంలోనే పట్టుబడాలి. చూడడం మరిచిపోయినవాడు భయంతో సున్నా వేసేస్తే నెలాఖరు మొత్తం తగ్గిపోతుంది, ఎక్కడ తగ్గిందో ఎవరికీ తెలియదు. అంకెలన్నీ 5, 10, 15 అంటూ వస్తుంటే అవి కొలిచినవి కావని, ఊహించి రాసినవని టీచరు గుర్తించవచ్చు. మార్కులు సరైన అంకెకు ఇస్తే పిల్లలు అంకెలు పుట్టిస్తారు. గీతలతో సహా నిజాయతీగా నింపిన రిజిస్టరుకు ఇస్తే పుట్టించరు.

ఇక బావి. ఇక్కడ టీచరు దగ్గరుండి తీరాలి. నడుమెత్తు గోడ ఉన్న బావినే ఎంచుకోవాలి, టేపు దించేది పెద్దవాళ్లే, పిల్లలు వెనక నిలబడి అంకెలు రాసుకుంటారు. గోడ మీద ఒకచోట పెయింటుతో గీత పెట్టి, ప్రతిసారీ అక్కడినుంచే కొలవాలి. స్టీలు టేపు చివర చిన్న బరువు కట్టి, చివరి మీటరు పొడవునా సుద్దముక్క రుద్దుతారు. గీత దగ్గర టేపు 9 మీటర్లు చూపేదాకా దించి పైకి తీస్తే, నీటిలో మునిగినంత మేర సుద్ద రంగు మారి కనిపిస్తుంది. తడిసినది 35 సెంటీమీటర్లయితే నీరు గీతకు 8.65 మీటర్ల కింద ఉన్నట్టు. పిల్లలు ఆ తడి అంచు మీద వేలు పెట్టి చూపించడానికి పోటీ పడతారు.

పొద్దున్నే, మోటారు వేయకముందే కొలవాలి. మంచి వాన పడిన వారంలో మట్టం పడిపోయినట్టు కనిపిస్తే రాత్రి మోటారు ఆడిందేమో రైతును అడగాలి. అందుకని రిజిస్టరులో దానికొక గడి ఉండాలి. కాలువ కింది ఆయకట్టులో వాన లేకపోయినా బావి నిండుతుంది. అలాంటి ఊళ్లో వానకూ బావికీ నేరుగా లంకె పెట్టకూడదు, కాలువ వదిలిన తేదీని కూడా గ్రాఫులో చూపించాలి.

అక్టోబరులో దసరా సెలవుల తర్వాత లెక్క మొదలవుతుంది. పాలమూరు లాంటి గ్రానైటు నేలలో ఒక తరగతికి ఈ అంకెలు వచ్చాయనుకుందాం: నాలుగు నెలల వాన 480 మిల్లీమీటర్లు, నీటిమట్టం జూన్‌లో గీతకు 11.20 మీటర్ల కింద, సెప్టెంబరు చివర 9.50 మీటర్ల కింద. అంటే నీరు 1.70 మీటర్లు పైకొచ్చింది. ఇంత వానకు అంత పెరుగుదల ఎలా వచ్చిందని పిల్లలు తప్పకుండా అడుగుతారు. భూమి కింద ఉన్నది ఖాళీ తొట్టి కాదు. చివికిన రాయిలో నీరు నిలిచి బయటికి రాగల సందు వందకు మూడు వంతుల దాకా మాత్రమే ఉంటుంది. కాబట్టి 1.70 మీటర్లను 0.03తో గుణించాలి. వచ్చేది 51 మిల్లీమీటర్లు. కురిసిన వానలో నికరంగా భూమిలో మిగిలింది సుమారు పదో వంతు. మిగతాది వాగుల్లో పోయింది, ఆవిరైంది, పైర్లు తాగాయి, కొంత మోటార్లు తోడేశాయి.

ఎకరా మీద ఒక మిల్లీమీటరు నీరంటే దాదాపు 4,000 లీటర్లు. ఈ లెక్కన ఎకరా నేల 50 మిల్లీమీటర్లు దాచుకుంటే 2 లక్షల లీటర్లు. రబీ వరికి సుమారు 1,200 మిల్లీమీటర్లు కావాలి, అంటే ఎకరాకు 48 లక్షల లీటర్లు. వేరుశనగకు 450 చాలు, అది 18 లక్షలు. ఒక ఎకరా వరి పండాలంటే 24 ఎకరాల నేల దాచిన నీరు, వేరుశనగకైతే 9 ఎకరాల నీరు కావాలన్నమాట. వరిమడి నుంచి కొంత నీరు మళ్లీ కిందికి ఇంకుతుంది కనుక అసలు తేడా ఇంతకన్నా కాస్త తక్కువ. అయినా తల్లిదండ్రుల సమావేశంలో ఈ రెండు అంకెలనూ పిల్లలు బోర్డు మీద రాసి చూపిస్తే, బోరు ఎండిన అనుభవమున్న రైతులు చెవి ఒగ్గి వింటారు.

ఒక బావి ఊరంతటి సంగతి చెప్పదు. చెరువు కింది బావిలో నీరు ఎక్కువ పెరుగుతుంది, గుట్ట మీది బావిలో తక్కువ. వీలైతే రెండు మూడు బావులు తీసుకుని తరగతిని జట్లుగా విడగొట్టవచ్చు. లోతు బోర్ల సంగతి వేరు. అవి రాతి నెర్రెల్లోని నీటిని తోడతాయి, ఈ లెక్క వాటికి వర్తించదు. నలభై మంది ఉన్న తరగతిలో రోజుకు ఇద్దరి చొప్పున వంతు వేస్తే, పొద్దున పది నిమిషాల్లో వాన కొలవడం అయిపోతుంది. గ్రాఫు గీసేది గణితం పీరియడులోనే, పంటల చర్చ సాంఘికశాస్త్రంలోనే కాబట్టి సిలబసు వెనకబడదు.

ఈ ఏడాది ఇది చేద్దామనుకునే టీచర్లు ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం చేయవద్దు. బడి తెరిచిన వారంలోనే, తొలి పెద్దవాన పడకముందే బావి కొలత తీసి ఉంచండి. ఆ అంకె లేకపోతే సెప్టెంబరులో నీరు ఎంత పెరిగిందో చెప్పడానికి ఆధారం ఉండదు.