మీరు ఎక్కాల్సిన విమానం ఇప్పుడు ఎక్కడుంది?

జనవరి నెల. మీరు విశాఖలో సాయంత్రం 5:25కి హైదరాబాద్ విమానం ఎక్కాలి. అక్కడి నుంచి రాత్రికి దుబాయ్ వెళ్లాలి. రెండు టికెట్లూ వేర్వేరుగా కొన్నవే. మధ్యాహ్నం రెండున్నరకు విమాన సంస్థ యాప్ తెరిస్తే ‘ఆన్ టైమ్’ అని కనిపిస్తుంది. ఆ మాటకు అప్పటికి పెద్ద విలువ లేదు. మిమ్మల్ని తీసుకెళ్లాల్సిన విమానం ఇంకా విశాఖ చేరనే లేదు. పొద్దుటి నుంచీ అది ఊరూరా తిరుగుతూనే ఉంది. ఎక్కడ ఆలస్యమైనా చివరికి అది మీ దాకా వస్తుంది.

కాబట్టి చూడాల్సింది మీ ఫ్లైట్ నంబరు ఒక్కటే కాదు, ఆ విమానాన్ని కూడా. మన దేశంలో రిజిస్టరైన ప్రతి విమానానికీ VT- తో మొదలయ్యే నంబరు ఉంటుంది. ఫ్లైట్‌రాడార్24లో మీ ఫ్లైట్ నంబరు కొట్టి చూస్తే, విమానాన్ని కేటాయించాక ఈ నంబరు కనిపిస్తుంది. సాధారణంగా ప్రయాణానికి కొన్ని గంటల ముందే వస్తుంది. దాని మీద నొక్కితే ఆ విమానం ఆ రోజు తిరిగిన ఊళ్లు, తిరగబోయే ఊళ్లు వరుసగా వస్తాయి. ఫ్లైట్‌అవేర్‌లోనైతే ‘Where is my plane now?’ అనే లింకు నొక్కితే చాలు.

మన ఉదాహరణలో ఆ విమానం మధ్యాహ్నం 12:30కి ఢిల్లీలో బయల్దేరి 2:45కి హైదరాబాద్ చేరాలి. 3:30కి అక్కడ కదిలి 4:45కి విశాఖలో దిగాలి. ఢిల్లీలో పొద్దున పట్టిన పొగమంచు మధ్యాహ్నానికి విడిపోయినా, అప్పటికే పేరుకుపోయిన విమానాలు ఒకదాని వెనక ఒకటి కదలాలి. మన విమానం అక్కడ 2:05కి గానీ బయల్దేరలేదు. అంటే 95 నిమిషాల ఆలస్యం.

అయితే ఆ 95 నిమిషాలూ మీ మీద పడవు. షెడ్యూళ్లలో సంస్థలు కొంత వెసులుబాటు ఉంచుకుంటాయి. గాల్లో పది నిమిషాలు కలిసొస్తే హైదరాబాద్‌లో 4:10కి ఆగుతుంది. ప్రయాణికులను దించి, శుభ్రం చేసి, ఇంధనం నింపి, మళ్లీ ఎక్కించడానికి ఎయిర్‌బస్ A320 లాంటి విమానానికి తొందరపడినా దాదాపు అరగంట కావాలి. 35 నిమిషాలు వేసుకుందాం. 4:45కి కదిలి 5:55కి విశాఖ చేరుతుంది. ఇక్కడ ఇంకో 35 నిమిషాలు. మీరు కదిలేది 6:30కి. యాప్ ఇంకా 5:25 అంటూ ఉండగానే, గంటకు పైగా ఆలస్యం తప్పదని మధ్యాహ్నమే లెక్క తేలింది.

ఈ ముందుచూపుతో దక్కేది టైమే. ముందు విమానంలో సీట్లున్నాయేమో అప్పుడే చూసుకుని సంస్థకు ఫోన్ చేయవచ్చు. ఆలస్యం ప్రకటించకముందు ఊరికే మార్చాల్సిన బాధ్యత వాళ్లకు లేదు. అయినా అడగడం మంచిది, ఎందుకంటే ప్రకటన వచ్చిందంటే అందరూ ఒకేసారి కౌంటర్ మీద పడతారు. టికెట్లు వేర్వేరు కాబట్టి దుబాయ్ విమానం తప్పితే రెండో సంస్థ దాన్ని మీ సమస్యగానే చూస్తుంది.

ఒక్క పని మాత్రం చేయకూడదు. ఎలాగూ ఆలస్యమే కదా అని ఇంట్లో కూర్చోకూడదు. హైదరాబాద్ లాంటి పెద్ద కేంద్రంలో సంస్థకు విమానాలు చాలా ఉంటాయి. ఢిల్లీ నుంచి వచ్చేదాన్ని పక్కన పెట్టి, ఖాళీగా ఉన్న మరోదాన్ని విశాఖకు పంపేయవచ్చు. అప్పుడు మీ ఫ్లైట్ పక్కన VT- నంబరు మారుతుంది, ఆలస్యం మాయమవుతుంది. అందుకే ఆ నంబరును మళ్లీ మళ్లీ చూసుకోవాలి. విమానం ఒక్కసారి హైదరాబాద్ వదిలి విశాఖ దారి పట్టాక మాత్రం లెక్క దాదాపు ఖాయం, ఇక్కడ మార్చడానికి ఇంకోటి దొరకడం కష్టం. సిబ్బంది డ్యూటీ గంటలు దాటిపోవడం, సాంకేతిక లోపాలు ఏ మ్యాపులోనూ కనపడవు. అందుకని చెక్‌ఇన్‌కు పాత టైము ప్రకారమే వెళ్లాలి.

గేటు మారడానికి కూడా తరచూ కారణం వచ్చే విమానమే. బోర్డింగ్ పాస్ మీద అచ్చయిన గేటు ముందస్తు అంచనా. విమానం ఆలస్యంగా దిగేసరికి ఆ చోటులో మరొకటి ఉంటే దీన్ని వేరేచోట నిలుపుతారు. దిగిన వెంటనే మ్యాపును దగ్గరకు లాగి చూస్తే అది ఏ వైపు ఆగిందో తరచూ తెలుస్తుంది. దూరంగా ఆపితే బస్సు ఎక్కాల్సిన గేటుకు మారుస్తారు. చివరి మాట మాత్రం టెర్మినల్‌లోని తెరదే. చాలా విమానాశ్రయాల్లో ఇప్పుడు మైకులో పిలవరు, మెసేజ్ పంపుతారు. టికెట్‌ను ఏజెంటు తీసి ఉంటే ఆ మెసేజ్ అతని ఫోనుకు పోవచ్చు. బుకింగ్‌లో మీ సొంత నంబరు ఉందో లేదో ముందురోజే చూసి, లేకపోతే మార్పించుకోండి.