రెండు దీర్ఘచతురస్రాల నుంచి ఒక త్రిభుజం

'సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్' చదివే ఈసీఈ విద్యార్థులకు త్రిభుజాకారపు పల్స్ ఎక్కడో ఒకచోట తగులుతుంది. దాని ఫోరియర్ ట్రాన్స్‌ఫార్మ్ కట్టమంటారు. అంటే, ఆ పల్స్‌లో ఏ ఫ్రీక్వెన్సీ ఎంత పాలు ఉందో లెక్కగట్టాలి. ఎక్కే వాలుకీ దిగే వాలుకీ విడివిడిగా ఇంటిగ్రేషన్ చేయబోతే పేజీలు నిండుతాయి. మధ్యలో ఒక్క మైనస్ జారినా అంతా మొదటికొస్తుంది.

దగ్గరి దారి ఒకటుంది. 1 మిల్లీసెకను వెడల్పు, 1 ఎత్తు ఉన్న దీర్ఘచతురస్రపు పల్స్‌లు రెండు తీసుకుని, ఒకదాన్ని కదలనివ్వకుండా రెండోదాన్ని దాని మీదుగా జరపాలి. రెండూ ఎంత మేర ఒకదానిపై ఒకటి పడ్డాయో అడుగడుగునా రాసుకోవాలి. అంచులు తాకినప్పుడు 0, పావు మిల్లీసెకను లోపలికొస్తే 0.25, పూర్తిగా కప్పుకుంటే 1. అక్కడి నుంచి అదే తీరున తగ్గుదల. ఈ అంకెలను గ్రాఫ్ గీస్తే 2 మిల్లీసెకన్ల పునాది మీద త్రిభుజం నిలుస్తుంది. ఈ జరపడం పేరే కన్వల్యూషన్. నిజానికి జరిపే పల్స్‌ను ముందు తిరగేయాలి గానీ, రెండు వైపులా ఒకేలా ఉన్న దాన్ని తిరగేసినా తేడా రాదు.

కాలంలో చేసిన కన్వల్యూషన్, ఫ్రీక్వెన్సీ వైపు వట్టి గుణకారమవుతుంది. T వెడల్పున్న దీర్ఘచతురస్రానికి ట్రాన్స్‌ఫార్మ్ `T sinc(fT)`. ఇక్కడ `sinc(x) = sin(πx)/(πx)`. దాన్ని దానితోనే గుణిస్తే `T² sinc²(fT)`. పని అయిపోయింది!

జవాబు సరిచూసుకోవడం తేలిక. f = 0 దగ్గర విలువ త్రిభుజ వైశాల్యానికి సమానం కావాలి. పునాది 2T, ఎత్తు T, వాటి లబ్ధంలో సగం T². సరిపోయింది. లెక్కలో త్రిభుజం ఎత్తు 1 అని ఇస్తే మాత్రం T తో భాగించి `T sinc²(fT)` అని రాయాలి. పునాది 2T కదా అని సింక్ లోపల 2T పెట్టేవాళ్లు ఉంటారు. అప్పుడు మొదటి సున్నా 500 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. అది తప్పు, 1000 దగ్గర పడాలి.

వర్గం చేయడంతో రూపమూ మారుతుంది. సింక్ సున్నా కిందికి దిగి పైకి లేస్తుంటుంది, సింక్ వర్గం ఎన్నడూ కిందికి దిగదు. మొదటి పక్క గుబ్బ సింక్‌లో శిఖరానికి సుమారు 21.7 శాతం, వర్గంలో 4.7 శాతమే. పెద్ద స్వరం పక్కన నక్కిన సన్నటి స్వరాన్ని పట్టాలంటే ఇది వరమే. స్పెక్ట్రమ్ విశ్లేషణలో బార్ట్‌లెట్ విండోగా వాడేది ఈ త్రిభుజాన్నే. అయితే అదే 2 మిల్లీసెకన్ల దీర్ఘచతురస్రంతో పోలిస్తే దీని నడిమి గుబ్బ రెట్టింపు వెడల్పు. అందువల్ల దగ్గరదగ్గరగా ఉన్న ఫ్రీక్వెన్సీలు కలిసిపోతాయి.

రెండు దీర్ఘచతురస్రాల వెడల్పులు వేరైతే త్రిభుజం బదులు ట్రెపీజియం వస్తుంది, జవాబులో రెండు వేర్వేరు సింక్‌లు గుణించుకుంటాయి. డిజిటల్ సర్క్యూట్లలో క్లాక్ పల్స్ సుమారుగా ఈ ఆకారమే. అది పైకి లేవడానికి పట్టే సమయమే చిన్న దీర్ఘచతురస్రం వెడల్పు. ఆ సమయాన్ని కాస్త పెంచితే పై ఫ్రీక్వెన్సీలు త్వరగా పడిపోయి, పక్క రేడియోలో గోల తగ్గుతుంది.