అమెరికా సంబంధంలో అడగాల్సిన ప్రశ్న

తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు అమెరికా సంబంధం వచ్చిందంటే హెచ్-1బి ఉందా, జీతమెంత అని అడుగుతారు. అమ్మాయి ఇక్కడ ఉద్యోగం చేస్తుంటే ముందు అడగాల్సింది వేరే ఉంది: అబ్బాయి ఐ-140 ఆమోదం పొందిందా?

హెచ్-1బి ఉద్యోగి భార్యకో భర్తకో, 21 ఏళ్లు నిండని, పెళ్లికాని పిల్లలకో హెచ్-4 ఇస్తారు. దాని మీద అక్కడ ఉండొచ్చు, చదువుకోవచ్చు, ఉద్యోగం చేయకూడదు. 2015 మే 26 నుంచి మాత్రం భార్యాభర్తలకు ఒక వెసులుబాటు ఉంది. గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే పిటిషనే ఐ-140. అది ఆమోదం పొందినా, గ్రీన్‌కార్డు ప్రక్రియ కారణంగా ఆరేళ్లు దాటి హెచ్-1బి పొడిగించినా, జీవిత భాగస్వామి ఈఏడీ అనే పని అనుమతి కార్డు తెచ్చుకోవచ్చు. పిల్లలకు ఇది వర్తించదు.

తెనాలి అబ్బాయికి, రేపల్లె అమ్మాయికి పెళ్లయిందనుకుందాం. పెళ్లి రిజిస్టర్ చేయించి, వీసా తీసుకుని ఆమె అక్కడికి వెళ్లింది. అప్పటికి అబ్బాయి కంపెనీ లేబర్ సర్టిఫికేషన్ కూడా మొదలుపెట్టలేదు. దానికే ఏడాది దాటిపోవచ్చు, ఆ తర్వాతే ఐ-140. అదయ్యాక ఆమె ఐ-765 దరఖాస్తు వేయాలి. అదీ అమెరికాలో హెచ్-4 మీద ఉండగానే తప్ప రేపల్లె నుంచి కుదరదు. కార్డు మంజూరయ్యే దాకా పనిలో చేరకూడదు. వచ్చాక ఏ కంపెనీలోనైనా చేరొచ్చు, సొంత వ్యాపారమైనా పెట్టుకోవచ్చు. కానీ ఆ కార్డు చేతికొచ్చేలోపు రెండేళ్ల అనుభవం గల అమ్మాయి రెజ్యుమేలో అంతకంటే పెద్ద ఖాళీ పడుతుంది. నాకు బాధ కలిగించేది ఇదే. పెళ్లిమాటల్లో ఈ లెక్క ఎవరూ చెప్పరు.

“అప్రూవల్ వచ్చింది” అన్నంత మాత్రాన సరిపోదు. హెచ్-1బికీ, ఐ-140కీ వచ్చే నోటీసు పేరు ఒకటే, ఐ-797. కాగితం పైన కేసు రకం చూడాలి. అక్కడ ఐ-129 అని ఉంటే అది అబ్బాయి ఉద్యోగానికి మాత్రమే. ఐ-140 అని ఉంటే అమ్మాయికి దారి ఉన్నట్టు.

అబ్బాయి వెళ్లేది ఎల్-1 మీదైతే కథ వేరు. 2021 నవంబరు నుంచి ఎల్-2 భార్యకో భర్తకో విడిగా కార్డు అక్కర్లేదు. ఐ-94 మీద ఎల్-2ఎస్ అని ఉంటే చాలు.

కార్డు వచ్చాక కూడా ఒక చిక్కుంది. దాని గడువు హెచ్-4 గడువును దాటదు, హెచ్-4 గడువు భర్త హెచ్-1బిని దాటదు. ఇదివరకు సమయానికి పునరుద్ధరణ దరఖాస్తు వేసి, హెచ్-4 గడువు ఇంకా ఉంటే పాత కార్డు దానంతటదే కొంతకాలం చెల్లేది. 2025 అక్టోబరు 30 నుంచి వేసిన దరఖాస్తులకు ఆ సౌకర్యం తీసేశారు. కొత్త కార్డు రాకముందే పాతది ముగిస్తే మర్నాటి నుంచి పని ఆపేయాలి. అందుకే భర్త పొడిగింపు, ఆమె హెచ్-4, ఈఏడీ మూడూ గడువుకు ఆరు నెలల ముందే, ఒకేసారి వేయమని కంపెనీ లాయరును గట్టిగా అడగాలి.