డ్యూటీ దిగే ముందు ఒక ఉత్తరం

ఎండీ, ఎంఎస్ చదివే పీజీ డాక్టర్లు మూడు నెలలపాటు జిల్లా ఆస్పత్రిలో పనిచేయాలన్న నిబంధన 2020లో వచ్చింది. దాని పూర్తి పేరు డిస్ట్రిక్ట్ రెసిడెన్సీ ప్రోగ్రామ్. డాక్టర్ల నోట అది డీఆర్పీ. మూడు, నాలుగు, అయిదు సెమిస్టర్లలో ఏదో ఒకదాంట్లో బోధనాస్పత్రి వదిలి అక్కడికి వెళ్లాలి. ఆ మూడు నెలలూ సంతృప్తికరంగా పూర్తిచేస్తేనే చివరి పరీక్షకు కూర్చోనిస్తారు. కాబట్టి పీజీ ఎలా పనిచేశారో ఆస్పత్రి రాసి పంపుతుంది. ఆస్పత్రిలో ఎవరి దగ్గర ఏం నేర్చుకున్నావని పీజీని మాత్రం ఎవరూ అడగరు. చివరిరోజు కేకు కోస్తారు, ఫొటో దిగుతారు, వాట్సాప్ గ్రూపులో ‘థాంక్యూ ఆల్’ అని పెడతారు. ఆ గ్రూపులో డాక్టర్లూ, ఒకరిద్దరు సిస్టర్లూ ఉంటారేమో. ఆయాలు, నర్సింగ్ ఆర్డర్లీలు, పారిశుద్ధ్య సిబ్బంది సాధారణంగా ఉండరు.

ఆ ఒక్క ముక్క బదులు ఒక పేజీ ఉత్తరం రాస్తే ఎలా ఉంటుందో చెప్పాలని ఈ వ్యాసం. నేను కాన్పుల వార్డుల్లో పనిచేసినదాన్ని కనుక ఉదాహరణ కూడా అక్కడిదే తీసుకుంటున్నాను.

ఎక్కువమంది రాసే వీడ్కోలు ఉత్తరాలు ఒకే అచ్చులో ఉంటాయి. విభాగాధిపతి గారి మార్గదర్శకత్వం, సీనియర్ల సహకారం, ‘ఇంకా సిబ్బంది అందరికీ’ అంటూ ఆఖరి వాక్యం. ఇలాంటి ఉత్తరాన్ని పరీక్షించే పద్ధతి ఒకటుంది. పేర్లు తీసేసి దాన్ని ఎముకల వార్డులోనో కళ్ల వార్డులోనో చదివి చూడండి. అక్కడా చెల్లిపోతే అందులో కాన్పుల వార్డు లేదన్నమాట. మరి కాన్పుల వార్డు ఉండాలంటే ఏం రాయాలి? ఒక రాత్రిని ఎంచుకుని, ఆ రాత్రి ఎవరు ఏం చేశారో రాయాలి.

కాన్పు తర్వాత రక్తస్రావం ఎక్కువైన రాత్రినే తీసుకుందాం. సాధారణ కాన్పు తర్వాత అర లీటరు, అంతకు మించి రక్తం పోతే ప్రమాదంగా లెక్కిస్తారు. చాలాసార్లు కారణం గర్భసంచి గట్టిగా ముడుచుకోకపోవడమే. అయితే చూపుతో వేసే అంచనా దాదాపు ఎప్పుడూ తక్కువే వస్తుంది. గుడ్డల్లో, పరుపులో ఇంకిన రక్తం డాక్టరు కంట పడదు. దాన్ని ముందు చూసేది గుడ్డలు మార్చే మనిషి. ఉత్తరం అక్కడ మొదలవ్వాలని నా అభిప్రాయం. ఇలా:

“అమ్మా, ఆ రాత్రి మీరు గుడ్డ మార్చి ఊరుకోలేదు. తడిసిన గుడ్డను పక్కన పెట్టి, ‘డాక్టరమ్మా, ఇది రెండోది, ఇంత తొందరగా తడవకూడదు’ అని నన్ను పిలిచారు. అప్పటికి బీపీ ఇంకా బాగానే ఉంది. మీరు పిలవకపోతే బీపీ పడిపోయాకే నాకు తెలిసేది.”

ఇది పొగడ్త కాదు, వైద్యపరంగా కచ్చితమైన మాట. బాలింత శరీరం చాలాసేపు తట్టుకుంటుంది. బీపీ తగ్గేసరికి రక్తం బాగా పోయి ఉంటుంది. రెండో గుడ్డ దగ్గరే పిలవడం వల్ల ఎంత సమయం కలిసొచ్చిందో ఆ అమ్మకు ఎవరైనా చెప్పారో లేదో. ఉత్తరం ఆ మాట చెబుతుంది.

తర్వాత సిస్టర్:

“సిస్టర్, నేను పొట్ట మీద చెయ్యి వేసి గర్భసంచి మెత్తగా ఉందని చెప్పేలోపు మీరు రెండో చేతికీ కాన్యులా పెట్టేశారు. ఆక్సిటోసిన్ డ్రిప్ ఎప్పుడు మొదలైందో, ట్రానెక్సామిక్ యాసిడ్ ఒక గ్రాము ఎప్పుడు ఇచ్చామో గడియారం చూసి పైకి చెబుతూ రాశారు. ఆ టైములు ఉండబట్టే మేడమ్ రాగానే రెండో డోసు సంగతి తేల్చగలిగారు.”

ట్రానెక్సామిక్ యాసిడ్‌ను కాన్పయిన మూడు గంటల్లోపు ఇవ్వాలి. అరగంట తర్వాత కూడా రక్తం ఆగకపోతే ఇంకో గ్రాము ఇస్తారు. హడావుడిలో టైము రాయకపోతే ఆ లెక్కంతా తప్పిపోతుంది. ‘సిస్టర్ ఎంతో సహకరించారు’ అనే వాక్యంలో ఈ పని కనిపించదు.

సీనియర్ డాక్టరుకు ఏం రాయాలన్న దగ్గర పీజీలు తడబడతారు. పెద్దవాళ్లను పొగడటం తేలిక, వాళ్లు ఏం నేర్పారో చెప్పడం కష్టం. “మేడమ్, మీరు వచ్చి నా చెయ్యి తీయించలేదు. లోపల పిడికిలి, పైన రెండో చెయ్యి, గర్భసంచిని మధ్యలో ఎలా నొక్కి పట్టాలో చెబుతూ, అలసిపోయేదాకా నన్నే పట్టుకోనిచ్చారు. మీరు పక్కనే గ్లవ్స్ వేసుకుని నిలబడ్డారు.” ఇలా రాస్తే చాలు. తర్వాత వచ్చే పీజీకి ఆ మేడమ్ ఎలాంటి గురువో ఈ మూడు వాక్యాలు చెబుతాయి.

రక్తం బ్యాగు కోసం పరుగెత్తిన ఆర్డర్లీ అన్న, క్రాస్ మ్యాచ్ అయ్యేదాకా ఫోను దగ్గరే ఉన్న ల్యాబ్ టెక్నీషియన్ కూడా ఇందులో ఉండాలి. గది కడిగిన మనిషిని మరిచిపోకూడదు. రక్తం ఒలికిన చోట ఒక శాతం హైపోక్లోరైట్ పోసి, కాసేపు ఆగనిచ్చి తుడిస్తేనే ఆ బల్ల ఇంకో గర్భిణికి పనికొస్తుంది. మాయ, తడిసిన గుడ్డలు పసుపు సంచిలోకి, గ్లవ్స్, సెలైన్ గొట్టాలు ఎరుపు సంచిలోకి, సూదులు తెల్ల డబ్బాలోకి వెళ్లాలి. ఆ రాత్రి సూది ఎవరికీ గుచ్చుకోలేదంటే ఈ మనిషి చేతిపనే కారణం.

పేషెంటు విషయంలో జాగ్రత్త కావాలి. పేరు రాయకపోతే సరిపోతుందని కొందరు అనుకుంటారు. తేదీ, ఊరు, కవలలు అనే మూడు ముక్కలు చాలు, చుట్టుపక్కలవాళ్లు గుర్తుపట్టేస్తారు. రోగి రహస్యాలు బయటపెట్టకూడదని డాక్టర్ల వృత్తి నియమావళి 2002 నుంచీ చెబుతోంది. వీడ్కోలు ఉత్తరమైనా అది వర్తిస్తుంది. అందుకే పై ఉదాహరణలో ‘ఆ రాత్రి’ అని మాత్రమే ఉంది. ఆ రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్లకు అది చాలు. బాలింత గురించి అంతకన్నా ఒక్క ముక్క అక్కర్లేదు.

మందుల కొరత, పాడైన మానిటరు వంటివి ఈ ఉత్తరంలోకి రాకూడదని గట్టిగా నమ్ముతాను. అవి ముఖ్యం కాదని కాదు. వాటిని విడిగా, తేదీలతో సూపరింటెండెంట్‌కు రాసివ్వాలి. రెండూ కలిపితే ఫిర్యాదు మెత్తబడుతుంది, కృతజ్ఞత కింద పడిపోతుంది.

భాష తెలుగే ఉండాలి. బోర్డు మీద అంటిస్తే చదవనివాళ్లు చదవరు, చదవలేనివాళ్లకు అందదు. డ్యూటీ మారే వేళ, రెండు షిఫ్టుల వాళ్లూ ఉన్నప్పుడు నిలబడి చదవడం మంచిది. ఉదయం ఎనిమిదికి చదివితే రాత్రి డ్యూటీ దిగేవాళ్లకూ వినిపిస్తుంది. మధ్యాహ్నం కేకు వేళకు వాళ్లు ఇంట్లో నిద్రపోతూ ఉంటారు.

ఇంకొక పని ఉంది, అయిదు నిమిషాలది. పర్మనెంట్ ఉద్యోగికి సర్వీస్ రిజిస్టర్ ఉంటుంది, మంచి పని ఎక్కడో ఒకచోట నమోదయ్యే వీలుంటుంది. ఔట్‌సోర్సింగ్‌లో పనిచేసే ఆయాకు, పారిశుద్ధ్య కార్మికురాలికి అలాంటి పుస్తకం లేదు. ఏజెన్సీ మారితే వాళ్ల పనికి సాక్ష్యం చెప్పే కాగితం ఉండదు. అందుకని వాళ్లకు సంబంధించిన భాగాన్ని విడిగా, పూర్తి పేరుతో, పనిచేసిన వార్డు, నెలలు వేసి, సంతకం చేసి వాళ్ల చేతికే ఇవ్వాలి. ఒక నకలు సూపరింటెండెంట్ ఆఫీసులో ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోవాలి. దీనివల్ల జీతం పెరగదు, ఉద్యోగం ఖాయం కాదు. అవుతుందని ఆశ పెట్టవద్దు కూడా. ఎవరైనా ‘ఇంతకుముందు కాన్పుల వార్డులో చేశావా?’ అని అడిగితే చూపించడానికి ఆమె దగ్గర ఒక కాగితం ఉంటుంది.