అమ్మకం పెరిగింది, లాభం తగ్గింది

ఒక ప్రైవేటు డెయిరీ నిరుడు రోజుకు లక్ష లీటర్ల పాలు అమ్మేది. ఈ ఏడు 1.2 లక్షల లీటర్లు అమ్ముతోంది. లాభం మాత్రం రోజుకు 4 లక్షల రూపాయల నుంచి 3 లక్షలకు పడిపోయింది. కారణం ఏమిటి, యజమాని ఏం చేయాలి?

ఇది సాధన కోసం అల్లిన లెక్క. మెకిన్సీ, బీసీజీ, బెయిన్ లాంటి కన్సల్టింగ్ సంస్థలు ఐఐఎంలకో, హైదరాబాద్ ఐఎస్‌బీకో నియామకాలకు వచ్చినప్పుడు అభ్యర్థుల ముందు పెట్టేవి ఇలాంటి ప్రశ్నలే. దీన్నే కేస్ ఇంటర్వ్యూ అంటారు. డెయిరీ గురించి అభ్యర్థికి ముందే తెలిసి ఉండాలని ఎవరూ ఆశించరు. తెలియని వ్యాపారాన్ని అరగంటలో ఎలా విడదీసి చూస్తాడో, ఏ ప్రశ్న తర్వాత ఏ ప్రశ్న వేస్తాడో గమనిస్తారు. అందుకే సాధన అంతా సమస్యను విడగొట్టే పద్ధతి మీదే సాగాలి.

ప్రశ్న వినగానే చాలామంది కారణాలు చెప్పేస్తారు. డీజిల్ ధర పెరిగి ఉంటుంది, పోటీ పెరిగి ఉంటుంది, రైతులకు ఎక్కువ చెల్లిస్తున్నారేమో. వీటిలో ఏదో ఒకటి నిజం కావచ్చు కూడా. కానీ ఇంటర్వ్యూ చేసేవారి దృష్టిలో అది ఊహే. ముందు ప్రశ్నను తన మాటల్లో తిరిగి చెప్పి, అంకెలు సరిగ్గా విన్నాడో లేదో చూసుకోవాలి. ఆ తర్వాత రెండు మూడు విషయాలు అడిగితే చాలు. డెయిరీ పాలు మాత్రమే అమ్ముతోందా, పెరుగు, నెయ్యి కూడానా? రెండేళ్ల లెక్కలూ ఒకే కాలానివేనా? యజమానికి కావలసింది పాత లాభమేనా, ఇంకేదైనా లక్ష్యం ఉందా? కాలం గురించి అడగడం ఇక్కడ ముఖ్యం. చలికాలంలో పాల దిగుబడి ఎక్కువ, వేసవిలో తక్కువ. జనవరి లెక్కను మే లెక్కతో పోలిస్తే లేని సమస్య కనిపించవచ్చు. మన కేసులో డెయిరీ ప్యాకెట్ పాలే అమ్ముతుంది, లెక్కలు రెండూ ఒకే నెలవి అనుకుందాం.

ఇప్పుడు ఒక నిమిషం సమయం అడిగి కాగితం తీసుకోవాలి. లాభాన్ని రాబడి, ఖర్చు అని రెండు కొమ్మలు చేయడం అందరికీ తెలిసిందే. అక్కడితో ఆగితే ఆ కాగితం ఏ వ్యాపారానికైనా సరిపోతుంది, అంటే ఈ వ్యాపారం గురించి ఏమీ చెప్పదు. పాలు పల్లెలో సేకరణ కేంద్రం నుంచి వినియోగదారుడి గడప దాకా వెళ్లే దారిని తలుచుకుంటే కొమ్మలు వాటంతట అవే వస్తాయి. రైతుకు చెల్లించేది, ప్లాంటులో శుద్ధికి, ప్యాకింగ్‌కు అయ్యేది, ప్లాంటు నుంచి ఊళ్లకు రవాణా, ఏజెంట్ల కమీషన్. ఏ ఖర్చూ రెండు చోట్ల పడకూడదు, ఏదీ బయట మిగిలిపోకూడదు. మెకిన్సీలో పనిచేసిన బార్బరా మింటో ప్రచారంలోకి తెచ్చిన ఈ నియమాన్ని కన్సల్టెంట్లు మీసీ అంటారు. దాన్ని పరీక్షించడం తేలిక. కొమ్మలన్నీ కూడితే మొత్తం ఖర్చు రావాలి.

కాగితాన్ని ఇంటర్వ్యూ చేసేవారి వైపు తిప్పి, ఏ కొమ్మ నుంచి మొదలుపెడుతున్నాడో, ఎందుకో చెప్పాలి. ‘అమ్మకం పెరిగినా లాభం తగ్గింది కాబట్టి, లీటరుకు ఎంత మిగులుతోందో ముందు చూస్తాను’ అంటే అందులో ఒక ఆలోచన ఉంది. ‘అన్నీ ఒక్కొక్కటిగా చూస్తాను’ అంటే లేదు.

అప్పుడు అంకెలు వస్తాయి. నిరుడు లీటరుకు రాబడి 50 రూపాయలు, సేకరణ ధర 38, ప్లాంటు ఖర్చు 4, రవాణా 2, కమీషన్ 2. మిగిలేది 4. ఈ ఏడు రాబడి 52, సేకరణ 40. ప్లాంటు ఖర్చు, కమీషన్ మారలేదు. రవాణా మాత్రం 3.50 అయింది. మిగిలేది రెండున్నర. రైతుకు పెంచిన రెండు రూపాయలు అమ్మకం ధరలో తిరిగి వచ్చేశాయి కాబట్టి ఆ కొమ్మను పక్కన పెట్టవచ్చు. తేడా అంతా రవాణాలోనే ఉంది.

చాలామంది చతికిలపడేది ఇక్కడే. రవాణా పెరిగిందని తేలగానే డీజిల్ గుర్తొస్తుంది, పాత ఊహ నిజమైందన్న సంబరంతో పరిష్కారంలోకి దూకేస్తారు. కానీ 3.50 అనేది సగటు. సగటు కనిపించిన ప్రతిచోటా దాన్ని మళ్లీ విడగొట్టి చూడాలి. ఎలా విడగొట్టాలో కేసే చెబుతోంది. ఏడాదిలో కొత్తగా వచ్చింది 20 వేల లీటర్ల అమ్మకం. ఆ పాలు ఎక్కడ అమ్ముతున్నారు? అడిగితే, దూరంగా ఉన్న కొత్త ఊళ్లలో అని జవాబు వస్తుంది. పాత ఊళ్లలో రవాణా ఇప్పటికీ లీటరుకు 2 రూపాయలే. డీజిల్ కారణమైతే అక్కడా పెరిగేది కదా!

ఇక లెక్క గట్టిగా, ఇంటర్వ్యూ చేసేవారికి వినపడేలా చేయాలి. మొత్తం రవాణా ఖర్చు 1.2 లక్షల లీటర్లకు మూడున్నర చొప్పున 4.2 లక్షలు. అందులో పాత ఊళ్లది 2 లక్షలు. మిగిలిన 2.2 లక్షలు కొత్త ఊళ్ల 20 వేల లీటర్ల మీద పడుతున్నాయి, అంటే లీటరుకు 11 రూపాయలు. రవాణా తీసేయకముందు లీటరుకు మిగిలేది 6 రూపాయలు. కాబట్టి కొత్త ఊళ్లలో అమ్మే ప్రతి లీటరుకూ 5 రూపాయల నష్టం, రోజుకు లక్ష. పాత ఊళ్ల లాభం 4 లక్షలు చెక్కుచెదరలేదు. తగ్గిన లక్షకు లెక్క పూర్తిగా కుదిరింది. ఇలా కుదరకపోతే ఇంకో కారణం ఎక్కడో దాగి ఉన్నట్టే, ముందుకు వెళ్లకూడదు.

వ్యాన్లు సగం ఖాళీగా తిరుగుతున్నాయని తేలిందనుకుందాం. సలహా కూడా అంకెతోనే చెప్పాలి. ట్రిప్పులు, వాటి ఖర్చు పెరగకుండా ఉంటే, రవాణా లీటరుకు 6 రూపాయలకు దిగాలంటే కొత్త ఊళ్లలో రోజుకు దాదాపు 37 వేల లీటర్లు అమ్మాలి. అప్పుడు నష్టం ఆగుతుంది, లాభం ఇంకా రాదు. వ్యాన్లలో అంత చోటు ఉందా, ఆ ఊళ్లలో అంత గిరాకీ ఉందా అన్నది తర్వాతి ప్రశ్న. లేకపోతే రూట్లు కలపడం, స్థానిక పంపిణీదారుకు అప్పగించడం, ఆ ఊళ్లు వదిలేయడం మిగులుతాయి. చివర్లో యజమానితో మాట్లాడినట్టు జవాబు ముందు చెప్పాలి. ‘పాత మార్కెట్ బాగానే ఉంది, నష్టం కొత్త ఊళ్ల రవాణాలో ఉంది, అక్కడి అమ్మకం నిర్ణీత గడువులో మొత్తం 37 వేల లీటర్లకు చేరకపోతే రూట్లు కలపండి లేదా ఆపేయండి.’ కారణాలు ఆ తర్వాత.

అన్ని సంస్థల తీరూ ఒకటి కాదు. మెకిన్సీలో సాధారణంగా ఇంటర్వ్యూ చేసేవారే ఒక ప్రశ్న నుంచి మరో ప్రశ్నకు నడిపిస్తారు. బీసీజీ, బెయిన్‌లలో ఎక్కువగా అభ్యర్థే దారి చూపాలి. పై పద్ధతిలో, ‘సగటును విడగొడదాం’ అని ఎవరూ గుర్తుచేయని చోట తానే అనగలగడం రెండో తరహాలో మరింత అవసరం.

సాధనకు ఇద్దరు కావాలి. ఒకరు అభ్యర్థి, ఇంకొకరు అంకెలు దాచుకుని, అడిగినదానికే జవాబు చెప్పేవారు. మేనేజ్‌మెంట్ విద్యాసంస్థల్లో కన్సల్టింగ్ క్లబ్బులు తయారుచేసే కేస్‌బుక్కుల్లో ఇలాంటి సంభాషణలు దొరుకుతాయి. వాటిని చదువుకుంటూ పోతే జవాబులు గుర్తుంటాయి, ప్రశ్నలు రావు. పాత్రలు మార్చుకోవడం తప్పనిసరి. అంకెలు దాచుకున్న చోట కూర్చున్నప్పుడే, ఎదుటివారు వేసే ప్రశ్నల్లో ఏది పనికొచ్చేదో, ఏది చీకట్లో రాయో తెలుస్తుంది. చేసిన కేసునే ఒక షరతు మార్చి మళ్లీ చేయడం ఇంకా మేలు. ఇదే డెయిరీలో పాత ఊళ్ల రవాణా కూడా 3.50 అయిందని, కొత్త ఊళ్లలోనూ అంతేనని చెప్పి చూడండి. ఈసారి డీజిల్‌ను నిజంగానే అనుమానించాలి, కాగితం మీద కొమ్మ అక్కడి నుంచి వేరే వైపు సాగాలి.